తొమ్మిది పేపర్లు పాసైనా పిలుపు రాలేదు: యాక్చూరియల్ పరీక్షల వెనక కథ

ఒంగోలులో మాకు దూరపు చుట్టాలబ్బాయి ఒకడు ఇంజినీరింగ్ అయ్యాక మూడేళ్లు ఇంట్లోనే కూర్చుని చదివి, బీమా కంపెనీల లెక్కలు నేర్పే యాక్చూరియల్ చదువులో తొమ్మిది పేపర్లు పాసయ్యాడు. వాళ్లమ్మ ఫోన్ చేసి, "ఏందమ్మా ఇది, మూడు పేపర్లున్న పిల్లలకి ఉద్యోగాలొస్తున్నాయి, మావాడికి తొమ్మిదున్నా ఇంటర్వ్యూకి కూడా పిలవడం లేదు" అని బాధపడింది. నేను ఇదే రంగంలో పనిచేస్తున్నాను, మాది కావలి. ఆమెకి ఫోన్లో అయిదు నిమిషాల్లో చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ పిల్లాడు తప్పేమీ చేయలేదు. ఈ పరీక్షల్ని మొదట ఎవరి కోసం పెట్టారో, ఇప్పుడు ఎవరు రాస్తున్నారో చూస్తే తప్ప ఆ సంగతి అర్థం కాదు.

మన ఇళ్లలో ఎల్‌ఐసీ పాలసీ లేని ఇల్లు తక్కువ. ఏటా వెయ్యికి ఇంత బోనస్ అని ప్రకటిస్తారు కదా, ఆ అంకె వెనక ఉన్న లెక్క యాక్చువరీలది. ఎంతమంది ఎప్పుడు చనిపోవచ్చు, ఎంతమంది మధ్యలో మానేయొచ్చు, వడ్డీ ఎంత రావచ్చు అని అంచనా కట్టి, రేపు ఇవ్వాల్సిన డబ్బుకి ఇవాళ ఎంత పక్కన పెట్టాలో తేలుస్తారు. ఈ వృత్తికి లండన్‌లో 1848లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ అనే సంస్థ ఏర్పడింది. అప్పటి పద్ధతి ఏమిటంటే, కుర్రాడు ముందు బీమా ఆఫీసులో చేరతాడు, పగలు అక్కడ లెక్కలు రాస్తాడు, రాత్రిపూట చదివి ఒక్కొక్క పరీక్షా రాస్తాడు. కాలేజీ డిగ్రీలా మూడేళ్లు చదివి ఒకేసారి బయటికొచ్చేది కాదిది. ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి ఎక్కే మెట్లు. పేపర్లు విడివిడిగా ఉండటానికి, ఇన్నేళ్లలో పూర్తి చేయాలన్న తొందర లేకపోవడానికి మూలం అదే.

మన దేశానికీ అదే పద్ధతి వచ్చింది. 1944లో యాక్చూరియల్ సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టినా చాలాకాలం మనవాళ్లు లండన్ సంస్థ పరీక్షలే రాశారు. 1956లో 245 బీమా సంస్థల్ని కలిపి ఎల్‌ఐసీ చేశాక, ఈ చదువు చదివేవాళ్లలో ఎక్కువమంది అక్కడి ఉద్యోగులే. సొసైటీ సొంతంగా మధ్య మెట్టయిన అసోసియేట్ స్థాయి వరకు పరీక్షలు పెట్టింది 1989లో, ఆఖరి మెట్టయిన ఫెలోషిప్ వరకు పెట్టింది 1991లో. తర్వాత 2006లో వచ్చిన యాక్చువరీస్ చట్టంతో సొసైటీ స్థానంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా వచ్చింది.

అసలు మలుపు మాత్రం 2000లో. ప్రైవేటు బీమా కంపెనీలకి తలుపులు తెరిచారు. విదేశీ కంపెనీల లెక్కల పని కూడా బెంగళూరు, గురుగ్రామ్, ముంబైల్లోని ఆఫీసులకి రావడం మొదలైంది. 'లెక్కలొస్తే చాలు, మంచి జీతం' అన్న మాట ఊళ్లదాకా పాకింది. ఎంపీసీ చదివే పిల్లలకి కొదవలేని నెల్లూరు, ఒంగోలు లాంటి చోట్ల అది ఇంకా గట్టిగా వినపడింది. 2012లో ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష పెట్టారు. ఇంటర్ పాసైన పిల్లలెవరైనా అది రాసి, పాసైతే విద్యార్థి సభ్యులుగా చేరొచ్చు. బీమా ఆఫీసు గడప తొక్కకుండానే పేపర్లు మొదలుపెట్టే వాళ్లు వేలల్లోకి చేరారు. పరీక్షలు ఒక్కొక్కటిగా ఉండటం మారలేదు. వాటి మధ్య ఉండాల్సిన ఉద్యోగం మాత్రం లేకుండా పోయింది. కంపెనీలు ఇప్పటికీ అది ఉందనే అనుకుని జీతాలు, హోదాలు లెక్క కడుతున్నాయి. ఒంగోలు అబ్బాయి ఇరుక్కున్నది ఈ ఖాళీలోనే.

2019లో వచ్చిన సిలబస్ ప్రకారం ఫెలో కావడానికి మొత్తం పదమూడు పేపర్లు. మొదటి ఏడు సీఎస్, సీఎం, సీబీ అనే పునాది పేపర్లు, అంటే స్టాటిస్టిక్స్, బీమా లెక్కలు, వ్యాపారం, ఆర్థికశాస్త్రం. తర్వాత, నేర్చుకున్నదాన్ని పనిలో ఎలా వాడాలో చూసే సీపీ పేపర్లు మూడు. ఆపైన జీవిత బీమా, ఆరోగ్యం, పెన్షన్ లాంటి వాటిలో ఎంచుకున్న రంగానికి రెండు ఎస్పీ పేపర్లు, ఒక ఎస్ఏ పేపరు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. ఒక్కోసారికి ఒక్క పేపరు చొప్పున, ఒక్కటీ తప్పకుండా వెళ్లినా ఆరున్నరేళ్లు పడుతుంది. ఫలితాలు పరీక్షయ్యాక సుమారు రెండు నెలలకి వస్తాయి, అంటే తర్వాతి పరీక్షకి మిగిలేది నాలుగు నెలలు. ఉద్యోగం చేసేవాళ్లు పనిరోజుల్లో గంటన్నర, వారాంతంలో అయిదు గంటలు చదివితే వారానికి పన్నెండున్నర గంటలు, పదిహేడు వారాల్లో రెండు వందల పై చిలుకు. సీఎం1 లాంటి పెద్ద పేపరుకి నా అనుభవంలో అది బొటాబొటీగా సరిపోతుంది. అందుకే అనుభవమున్న మేనేజరు, ఉద్యోగం చేస్తున్న వాళ్లని ఒక విడతకి రెండు పెద్ద పేపర్లు కట్టమని చెప్పరు.

కంపెనీలు కొత్తగా చేర్చుకునేటప్పుడు ఎక్కువగా చూసేది రెండు నుంచి నాలుగు పేపర్లున్న పిల్లల్ని. ఆ పేపర్లు వాళ్లకి ఒకే విషయం చెబుతాయి: ఈ చదువు ఈ మనిషికి అందుతుంది, మధ్యలో వదిలిపెట్టే రకం కాదు. ఆ తర్వాత అడిగేదంతా పేపరు మీద లేనిదే. కందుకూరు అమ్మాయి ఒకామె నెల్లూరులో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతూ మూడు పేపర్లు పాసైంది. ఇంటర్వ్యూలో తనకి ఎక్సెల్ ఫైలు ఒకటి ఇచ్చి అరగంట కూర్చోబెట్టారు. తను నాకు చెప్పింది రాస్తున్నాను. అంకెలు మాత్రం నేను మార్చాను.

నిరుడు మార్చి ఆఖరున ఉన్న పాలసీలు 12,480. ఏడాదిలో కొత్తగా వచ్చినవి 1,320. పోయినవి: మరణాలు 61, మధ్యలో ఆగినవి 415, గడువు తీరినవి 290. కూడి తీసేస్తే ఈ మార్చికి 13,034 ఉండాలి. ఇచ్చిన ఫైల్లో 13,041 వరసలున్నాయి. తేడా ఏడు. 'పదమూడు వేలలో ఏడంటే ఎంత, వదిలేద్దాం' అనిపించే చోటు ఇది. ఆ అమ్మాయి వదల్లేదు. ఈ ఏడాది ఫైల్లో ఉండి నిరుటి ఫైల్లో లేని పాలసీ నంబర్లని బయటికి తీసింది. వాటిలో 1,320 కొత్తవి సరే, మిగిలిన ఏడింటి ప్రారంభ తేదీలు మాత్రం పాతవి. కొత్త పాలసీకి పాత తేదీ ఎలా వస్తుంది? ఏడింటినీ ఒక్కొక్కటిగా చూసింది. అయిదు, ప్రీమియం కట్టక ముందెప్పుడో ఆగిపోయి ఈ ఏడాది మళ్లీ కట్టి బతికించుకున్నవి. అవి నిజమైన పాలసీలే, లెక్కలో 'పునరుద్ధరించినవి' అనే వరస ఒకటి లేదంతే. మిగతా రెండూ అప్పటికే ఫైల్లో ఉన్న పాలసీలే, నంబరు చివర ఒక ఖాళీ పడి రెండోసారి ఎక్కాయి. కంటికి ఒకటే, ఎక్సెల్‌కి మాత్రం రెండు వేర్వేరు నంబర్లు. వాటిని అలాగే వదిలితే ఒకే మనిషికి రెండుసార్లు డబ్బు పక్కన పెట్టినట్టవుతుంది. లెక్కలో అయిదు కలిపి, ఫైల్లో రెండు తీసేస్తే రెండు వైపులా 13,039 కుదిరింది. తర్వాత తను ఏం చేసిందో నాలుగు వాక్యాల్లో రాసిపెట్టిందట. ఉద్యోగం వచ్చింది.

ఈ పని ఏ పునాది పేపర్లోనూ ప్రశ్నగా రాదు. సీఎం1లో పాలసీదారుల పట్టిక శుభ్రంగా చేతికిస్తారు, ఆ పట్టిక ఎక్కడి నుంచి వచ్చిందో అడగరు. కంపెనీలో మొదటి రెండేళ్లు జరిగేది చాలావరకు ఆ పట్టికని శుభ్రం చేసే పనే. అందుకే పేపరుకీ పేపరుకీ మధ్య వాళ్లు ఆశించేది ఎక్సెల్‌లో నేర్పు, డేటా పనికి వాడే ఆర్ లేదా ఎస్‌క్యూఎల్‌లో కొంచెం అలవాటు, అన్నిటికన్నా ముఖ్యంగా తేడా కనపడితే వెంటపడే గుణం, చేసింది ఇంకొకరికి అర్థమయ్యేలా రాసే ఓపిక.

ఇక తొమ్మిది పేపర్ల సంగతి. చాలా కంపెనీల్లో జీతం రెండిటి మీద నడుస్తుంది: పేపర్లు ఎన్ని, పనిచేసింది ఎన్నేళ్లు. ఒక్కో పేపరుకి ఇంత పెంపు అని ఉంటుంది. తొమ్మిది పేపర్లున్నవాళ్లకి వాళ్ల పట్టికలో రాసి ఉండే జీతం మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్న మనిషి జీతం. అంత ఇచ్చి తెచ్చుకున్న వాళ్ల చేత మొదటి ఏడాది పాలసీ నంబర్ల చివర ఖాళీలు వెతికించడం మేనేజరుకి కష్టం. తక్కువ ఇస్తే ఉంటారో ఉండరో అని భయం. అందుకని ఆ దరఖాస్తుని పక్కన పెట్టి మూడు పేపర్లున్న వాళ్లని పిలుస్తారు. ఇది న్యాయమని నేననను. ఇంట్లో కూర్చుని అంత కష్టపడి చదివిన పిల్లాడికి ఈ సంగతి ముందే ఎవరూ చెప్పకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. కోచింగ్ సెంటర్లు గోడల మీద ఎన్ని పేపర్లయ్యాయో రాస్తాయి గానీ ఇది రాయవు.

ఉద్యోగంలో చేరాక లెక్క ఇంకోలా ఉంటుంది. చాలా చోట్ల పరీక్ష ముందు కొన్ని రోజులు చదువు సెలవు ఇస్తారు, ఫీజు, మెటీరియల్ ఖర్చు భరిస్తారు. కొన్నిచోట్ల పాసైతేనే ఫీజు తిరిగిస్తారు. బదులుగా ప్రతి విడతా రాయాలని అనుకుంటారు. ఒకసారి తప్పితే ఎవరూ ఏమీ అనరు. ఈ రంగంలో తప్పనివాళ్లు అరుదు, నేనే సీఎం2 రెండుసార్లు తప్పాను. అదే పేపరు మూడోసారి, నాలుగోసారి తప్పితే సెలవు తగ్గుతుంది, హోదా ఆగుతుంది. ఇంకా ఇబ్బంది పెట్టేది, అసలు రాయకుండా రెండు విడతలు దాటేయడం. దానికి మేనేజరు కారణం అడుగుతారు.

పేపర్లకి పని ఎందుకు తోడుండాలో సీపీ1 దగ్గరికొచ్చేసరికి తెలుస్తుంది. అందులో 'ఒక కంపెనీ ఇలాంటి కొత్త పాలసీ తేవాలనుకుంటోంది, ఏయే ఇబ్బందులు రావచ్చు' అని అడుగుతారు. పుస్తకంలోని జాబితా వరసగా రాస్తే మార్కులు రావు, ఆ కంపెనీకి ఏది వర్తిస్తుందో ఎంచి రాయాలి. ఆఫీసులో ఒక్కసారైనా క్లెయిములు అనుకున్నదానికన్నా ఎందుకు పెరిగాయో వెతికినవాళ్లకి ఆ ఎంపిక తొందరగా వస్తుంది. ఇంట్లోంచి రాసేవాళ్లు ఇక్కడే పదేపదే ఆగిపోవడం చూశాను. ఎస్పీ, ఎస్ఏ పేపర్లకి ఇది ఇంకా ఎక్కువ.

ఒంగోలు అబ్బాయికి నేను చెప్పింది రెండు మాటలు. పదో పేపరు కట్టొద్దు, ఆపు. దరఖాస్తుతో పాటు రాసే ఉత్తరంలో, అనుభవం లేదు కాబట్టి ట్రైనీ జీతానికే చేరతానని మొదటి వాక్యంలోనే రాయి. పేపర్లు దాచమని మాత్రం చెప్పలేదు, దాస్తే సభ్యత్వ రికార్డులో బయటపడతాయి. వాళ్లమ్మకి ఆ జీతం మాట రుచించలేదు, "ఇంత చదివి అంతేనా" అంది. వాడు రాశాడు. నాలుగు నెలలకి బెంగళూరులో ఒక చిన్న ఆఫీసు వాళ్లు తీసుకున్నారు. పోయిన వారం రాత్రి పదింటికి మెసేజ్ పెట్టాడు: "అక్కా, నలభై పాలసీలు తేడా వచ్చాయి. ముప్పై ఎనిమిది దొరికాయి. మిగతా రెండూ రేపు పొద్దున్నే చూస్తా."