అపోహలు – వాస్తవాలు: ఇన్‌స్పెక్షన్ ఇంజనీరుకు ఎన్ని సర్టిఫికెట్లు చాలు?

"అన్నా, 3.1 ఉంది, 570 ఉంది, యూటీ లెవెల్ 2 ఉంది. ఇప్పుడు 653 చేయమంటావా, 580 చేయమంటావా?"

కడప, ప్రొద్దుటూరు నుంచి గల్ఫ్ రిఫైనరీల షట్‌డౌన్ పనులకు వెళ్లొచ్చే ఇంజనీర్లు రెండు కాంట్రాక్టుల మధ్య ఇంటి దగ్గరున్నప్పుడు అడిగే మాట ఇది. 3.1 వెల్డింగ్ తనిఖీకి ఇచ్చే సీస్విప్ సర్టిఫికెట్, మిగతా అంకెలు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇచ్చేవి, యూటీ అంటే అల్ట్రాసోనిక్ తరంగాలతో లోహం మందం, లోపాలు చూసే పరీక్ష. పదేళ్లు రిఫైనరీ పైపుల మధ్య తిరిగినవాళ్లకు కూడా మూడు నెలలు ఫోను రాకపోతే లోపం సర్టిఫికెట్లలోనే ఉందనిపిస్తుంది. ఇంట్లో ఖర్చులు ఆగవు కాబట్టి ఆ బెంగ సహజమే. అయినా బంగారం కుదువబెట్టి పరీక్ష ఫీజు కట్టేముందు ఒక లెక్క చూసుకోవాలి.

అపోహ: సర్టిఫికెట్లు పెరిగేకొద్దీ జీతం పెరుగుతుంది.

మొదటి ఏపీఐ సర్టిఫికెట్ విలువ దానితో వచ్చే సంతకం హక్కులో ఉంది. వాడుకలో ఉన్న పైపింగ్‌ను తనిఖీ చేసి రిపోర్టు మీద సంతకం పెట్టడానికి 570 ఉన్న మనిషి కావాలని క్లయింటే రాస్తాడు. అది లేకపోతే మీ సీవీ ముందుకే పోదు. పైపింగ్ చూసేవాడినే పక్కనున్న ప్రెషర్ వెసల్స్ కూడా చూడమంటారు కాబట్టి రెండోదిగా 510 చేస్తే పని పరిధి పెరుగుతుంది. మూడోదగ్గర ఆగి ఆలోచించాలి. 653 నిల్వ ట్యాంకులకు సంబంధించింది. ట్యాంక్ ఫార్మ్‌లో పని దొరికే దారి ఉంటేనే అది పనికొస్తుంది. సీవీలో పన్నెండేళ్లూ పైపింగే ఉండి, చివర 653 కనిపిస్తే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "ఎన్ని ట్యాంకులు చూశావు?" అనే వస్తుంది. 580 కూడా అంతే, రిస్క్ ఆధారిత తనిఖీ బృందంలో కూర్చోని మనిషికి అది కాగితంగానే మిగిలిపోతుంది.

ఇలాంటి మనిషి ఇంటర్వ్యూ పోయేది సర్టిఫికెట్ తక్కువై కాదు. ఒక ఉదాహరణ చూడండి. ఒక లైను మందం ఆరేళ్ల కిందట 9.5 మి.మీ., రెండేళ్ల కిందట 8.9, ఇప్పుడు 8.3. ఉండాల్సిన కనీస మందం 6.3. మళ్లీ ఎప్పుడు కొలవాలి?

చాలామంది మొదటి కొలత, చివరి కొలత మాత్రమే చూస్తారు. ఆరేళ్లలో 1.2 మి.మీ. పోయింది, అంటే ఏడాదికి 0.2. మిగిలింది 2 మి.మీ. కాబట్టి ఆయుష్షు పదేళ్లు, అందులో సగం ఐదేళ్లు, అప్పుడు కొలుద్దాం అంటారు. చివరి రెండేళ్లలోనే 0.6 మి.మీ. పోయిందని గమనించరు. ఆ లెక్కన రేటు ఏడాదికి 0.3, ఆయుష్షు ఆరేళ్ల ఎనిమిది నెలలు, సగం మూడేళ్ల నాలుగు నెలలు. రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి, అరుగుడు ఎందుకు పెరిగిందో అడిగి, కారణం తేలేదాకా ఎక్కువ రేటునే పట్టుకునేవాడికే ఉద్యోగం. ఫ్లూయిడ్ మారిందా, ఉష్ణోగ్రత పెరిగిందా, లేక ముందు కొలిచినవాడు వేరే చోట ప్రోబ్ పెట్టాడా? ఇవన్నీ 570 సిలబస్‌లోనివే. ఉన్న సర్టిఫికెట్‌లో ఈ పట్టు లేకుండా ఇంకో సర్టిఫికెట్ చేస్తే ఇదే ప్రశ్న దగ్గర మళ్లీ ఆగిపోతారు.

ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి మీ హోదాకే వచ్చిన పది ప్రకటనలు తీసుకోండి. "తప్పనిసరి" అన్నవి ఒక కాగితం మీద రాయండి, "ఉంటే మంచిది" అన్నవి వదిలేయండి. ఆ కాగితంలో ఉన్నవన్నీ మీ దగ్గరుంటే కొత్త పరీక్షతో పనిలేదు. ఏజెంటు "ఆరు సర్టిఫికెట్లుంటే జీతం డబుల్" అంటే, ఆ జీతమిచ్చే క్లయింటు ప్రకటన చూపించమనండి.

అపోహ: ఒకసారి పాసైతే చాలు.

510, 570, 653 మూడేళ్లకోసారి రెన్యువల్. ఆ మూడేళ్లలో కనీసం 20 శాతం సమయం తనిఖీ పనిలో ఉన్నట్టు చూపాలి, ఆరేళ్లకోసారి ఆన్‌లైన్ పరీక్ష కూడా ఉంటుంది. వాడని సర్టిఫికెట్‌కు కూడా ఈ ఖర్చు తప్పదు.

అపోహ: లెవెల్ 2 నా సొంతం, ఏ కంపెనీకైనా పట్టుకుపోవచ్చు.

యూటీ లాంటి, లోహాన్ని పాడుచేయకుండా చేసే పరీక్షలకు మార్గదర్శకమైన ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ ప్రకారం లెవెల్ 2 ఇచ్చేది మీ యజమాని, తన రాతపూర్వక విధానం ప్రకారం. ఆ ఉద్యోగం మానేస్తే అదీ ముగుస్తుంది. పది రోజుల్లో ఐదు పరీక్షా పద్ధతులు నేర్పిస్తామనే ప్రకటనలను నమ్మకండి. హైస్కూల్ చదువు లెక్కన ఒక్క యూటీకే లెవెల్ 1, 2 కలిపి 80 గంటల శిక్షణ ఉంది, రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా పది రోజులు దానికే పోతాయి. ఆపైన 840 గంటల అనుభవం చూపాలి. అందుకే ఉద్యోగం మానేముందు శిక్షణ గంటలు, పద్ధతివారీ అనుభవం గంటలు, పరీక్ష మార్కులు కంపెనీ లెటర్‌హెడ్ మీద లెవెల్ 3 ఉన్న మనిషి సంతకంతో రాయించుకోండి. కొత్త కంపెనీ మీకు మళ్లీ లెవెల్ 2 ఇవ్వాలంటే అడిగేది ఆ కాగితమే.