గెలుస్తున్న చెస్ గేమ్ చేజారేది ఎక్కడ? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో వారాంతపు ర్యాపిడ్ టోర్నమెంట్లకి పిల్లల్ని తీసుకెళ్తుంటాను. రౌండ్ అయ్యాక తల్లిదండ్రులు ఎక్కువసార్లు అడిగేది ఒకటే, "సార్, ఒక నైట్ ఎక్కువున్నా ఎలా ఓడిపోయాడు?" స్కోర్‌షీట్ తీసి చూస్తే చాలాసార్లు ఒకే సంగతి కనిపిస్తుంది. నైట్ గెలిచాక కూడా పిల్లవాడు ఇంకో మెరుపు ఎత్తు కోసం వెతుకుతూనే ఉన్నాడు.

అపోహ: ముందున్నప్పుడు క్వీన్‌లు మార్చుకోవడం పిరికితనం, దాడి చేసే గెలవాలి.

వాస్తవం: బోర్డు తీసి ఈ పొజిషన్ పెట్టండి. తెల్లవి: కింగ్ g1, క్వీన్ d3, రూక్ d1, నైట్ f3, పాన్‌లు a2, b2, f2, g2, h3. నల్లవి: కింగ్ g8, క్వీన్ f4, రూక్ e8, పాన్‌లు a7, b7, f7, g7, h6. ఎత్తు తెల్లవాళ్లది, ఒక నైట్ ఎక్కువుంది. పిల్లలకి వెంటనే కళ్లలో పడేది క్వీన్ d7, ఎందుకంటే అది రూక్‌నీ b7 పాన్‌నీ ఒకేసారి కొడుతుంది. అది తప్పు ఎత్తేమీ కాదు. కానీ ఆ పాన్ మీకు ఇప్పుడు అక్కర్లేదు, పైగా మీ క్వీన్ దూరంగా వెళ్లిపోయాక నల్ల క్వీన్, రూక్ మీ కింగ్ చుట్టూ తిరుగుతూనే ఉంటాయి, మీరు గడియారం చూసుకుంటూ ప్రతి ఎత్తుకీ చెక్‌లు లెక్కపెట్టుకోవాలి. ఒక్క చెక్ మర్చిపోతే వరస చెక్‌లతో డ్రా, లేదా అంతకంటే ఘోరం.

నేనైతే క్వీన్ d2 ఆడిస్తాను. ఎదురుగా ఉన్న క్వీన్‌ని మార్చుకుందామని అడుగుతున్నామన్నమాట. అతను తీసుకుంటే రూక్‌తో తీసుకోండి, నైట్‌తో కాదు. f3లో నైట్ e1ని కాస్తుంది, d2లో రూక్ e2ని కాస్తుంది, అంటే అతని రూక్ మీ ఇంట్లోకి దిగడానికి ఉన్న రెండు గళ్లూ మూసుకుపోయాయి. నైట్‌తో తీసుకుంటే రూక్ e2కి వచ్చి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. ఒకవేళ అతను మార్పిడి వద్దనుకుని క్వీన్‌ని f5కి తీసుకెళ్తే, రూక్ e1 ఆడండి, ఈసారి రూక్‌లు మార్చుకుందామని. అతను ఏం చేసినా రూక్‌లు మారతాయి, లేదంటే e ఫైల్ మీకు వదిలేసి వెళ్లాలి.

క్వీన్‌లు పోయాక తొందరపడొద్దు. నల్ల కింగ్ f8కి వస్తుందనుకుందాం, మీరు ముందు కింగ్ f1 ఆడండి, ఆ తర్వాత రూక్ e2. ఇప్పుడు రూక్‌కి కింగ్ కాపలా ఉంది కాబట్టి అతను e ఫైల్ వదిలేసి వెళ్లకపోతే రూక్‌లు కూడా పోతాయి. అవి పోతే మీకు మిగిలేది నైట్, ఐదు పాన్‌లు, ఎదుట ఉత్త ఐదు పాన్‌లు. అతనికి చెక్ ఇవ్వడానికి పాన్‌లు తప్ప ఏమీ లేవు, మీరేమో నైట్‌తో ఒక పాన్ మీద గురిపెట్టి, కింగ్‌ని తెచ్చి, దాన్ని తినేస్తారు. ఇది చూడ్డానికి బాగుండదని పిల్లలు మూతి ముడుస్తారు, నాకైతే చెస్‌లో ఇంతకంటే అందమైంది లేదు.

అపోహ: ముందున్నాం కదా, ఏది మార్చుకున్నా మంచిదే.

వాస్తవం: పీస్‌లు మార్చుకోండి, పాన్‌లు దాచుకోండి. పై ఎండ్‌గేమ్‌లోనే ఒక్కో పాన్‌ని మార్చుకుంటూ పోతే చివరికి మీ దగ్గర కింగ్, నైట్ మాత్రమే మిగులుతాయి, వాటితో మేట్ రాదు, డ్రా. ఓడిపోతున్నవాడు పాన్‌లని ముందుకి తోసి మార్పిడికి పిలిచేది అందుకే. ప్రతిసారీ తీసుకోనక్కర్లేదు, కొన్నిసార్లు పక్క నుంచి దాటిపోవడమే మేలు.

మీ ఆధిక్యం ఒక్క పాన్ మాత్రమే అయితే ఇంకా జాగ్రత్త. అన్ని పీస్‌లూ పోయి పాన్‌లే మిగిలితే ఎక్కువగా గెలుపే, కానీ ఒక్కో రూక్ మిగిలిన చోట చాలా గేమ్‌లు డ్రా అవుతాయి. ఒకరికి తెల్ల గళ్ల బిషప్, ఇంకొకరికి నల్ల గళ్ల బిషప్ మిగిలేలా మార్చుకుంటే రెండు పాన్‌లు ఎక్కువున్నా గెలవలేకపోవచ్చు, అతను మీ బిషప్ చూడలేని గడిలో అడ్డం కూర్చుంటాడు. చివరికి ఒక బిషప్, ఒక h పాన్ మిగిలినా చూసుకోవాల్సింది ఉంది. h8 నల్ల గడి, మీది తెల్ల గళ్ల బిషప్ అయితే, అతని కింగ్ ఆ మూలకి చేరాక దాన్ని బయటికి తోలే దారే లేదు.

అందుకే మా పిల్లల్ని ప్రతి మార్పిడికీ ముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. ఈ పీస్ పోయాక అతని దగ్గర నన్ను ఇబ్బంది పెట్టేది ఏం మిగులుతుంది? చివర్లో నేను క్వీన్ చేసుకోగల పాన్ ఏది? రెండో ప్రశ్నకి వేలు పెట్టి ఆ పాన్‌ని చూపించలేకపోతే మార్పిడి ఆపి, ముందు కింగ్‌ని సర్దుకోమంటాను.