వేడి వస్తువులో నిల్వ ఉండదు: కెలోరిక్ మిగిల్చిన చిక్కు

హైదరాబాద్‌లో ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఉష్ణగతికశాస్త్రం మొదలుపెట్టేటప్పుడు నేను మిక్సీ గురించి అడుగుతాను. జార్‌లో ఉత్త నీళ్లు పోసి కాసేపు తిప్పితే అవి వెచ్చబడతాయి. అన్నే నీళ్లను మే నెలలో డాబా మీద ఎండలో పెట్టినా వెచ్చబడతాయి. రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక పక్కపక్కన పెడితే, ఏవి మిక్సీవో ఏవి ఎండవో ఎవరూ చెప్పలేరు. "మరి నీళ్లలో ఉన్న వేడి ఎంత?" అంటే మాత్రం అందరూ లెక్క వేయడానికి సిద్ధం. ఆ ప్రశ్నే తప్పు. మిక్సీ నీళ్లకు మనం వేడి ఇవ్వనేలేదు, బ్లేడు పని చేసింది అంతే.

పిల్లల్ని తప్పుపట్టలేం. 18వ శతాబ్దం చివర్లో పెద్దపెద్దవాళ్లు కూడా ఇలాగే అనుకున్నారు. 1789లో లవోజియే తన మూలకాల పట్టికలో ఆక్సిజన్, హైడ్రోజన్‌లతో పాటు 'కెలోరిక్'ను కూడా చేర్చాడు. అది కంటికి కనిపించని ద్రవం, పుట్టదు, నశించదు, వేడి వస్తువులో ఎక్కువ ఉంటుంది. అదే నిజమైతే వేడి స్థితి ప్రమేయమే అవుతుంది. వస్తువు ఏ స్థితిలో ఉందో తెలిస్తే అందులో ఎంత కెలోరిక్ ఉందో చెప్పేయవచ్చు. కెలోరీ అన్న మాట ఆ వంశానిదే. కెలోరిక్ పోయినా పేరు మిగిలింది.

మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలకు రంధ్రం తొలిచే పని చూసిన రమ్‌ఫర్డ్, రాపిడి సాగినంతసేపూ వేడి వస్తూనే ఉందని 1798లో రాశాడు. లోపల ఉన్న ద్రవమైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా. అయినా కెలోరిక్ అంత తేలిగ్గా పోలేదు. 1824లో కార్నో ఆవిరి యంత్రాన్ని నీటి మరతో పోల్చాడు. నీరు పైనుంచి కిందికి పడి చక్రం తిప్పుతుంది, నీరు మాత్రం తగ్గదు. అలాగే వేడి కూడా బాయిలర్ నుంచి చల్లని చోటికి దిగుతూ పని చేస్తుంది, బాయిలర్ ఇచ్చినదంతా చల్లని చోటికి చేరుతుంది అన్నాడు. అందమైన పోలిక, కానీ తప్పు. తప్పెక్కడో పట్టుకోవడానికి ఒక లెక్క చాలు.

1 మోల్ హీలియం తీసుకుందాం. 300 K, 10 లీటర్లు. దీన్ని అదే 300 K దగ్గర 20 లీటర్లకు తీసుకెళ్లాలి. హీలియంను ఆదర్శ వాయువు అనుకుంటే దాని అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది, కాబట్టి ఏ దారిలో వెళ్లినా ఆ శక్తిలో మార్పు, అంటే ΔU = 0.

మొదటి దారి: ఉష్ణోగ్రత మారకుండా, నెమ్మదిగా, ఉత్క్రమణీయంగా వ్యాకోచింపజేయడం. వాయువు చేసే పని RT ln 2, అంటే దాదాపు 1729 J. ΔU సున్నా కాబట్టి బయటినుంచి తీసుకున్న వేడి కూడా 1729 J.

రెండో దారి: ముందు ఘనపరిమాణం కదలకుండా 150 K కి చల్లార్చాలి. పీడనం సగమై 124.7 kPa కి దిగుతుంది. ఇప్పుడు ఆ పీడనం దగ్గరే వేడి చేస్తూ 20 లీటర్లకు, 300 K కి తేవాలి. మొదటి అంచెలో పిస్టన్ కదల్లేదు కాబట్టి పని లేదు. రెండో అంచెలో పని 1247 J. నికరంగా తీసుకున్న వేడీ అంతే.

మొదలు అదే, చివర అదే. పని మాత్రం 1729, 1247. P-V గీతలో పని అంటే వక్రం కింద ఉన్న వైశాల్యం. దారి మారితే వక్రం మారుతుంది, వైశాల్యం మారకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు మొదటి దారిలో వెళ్లి, రెండో దారిలో వెనక్కి వద్దాం. వాయువు మొదటి స్థితికే చేరింది, ΔU సున్నా. కానీ చేతికి 482 J పని మిగిలింది. తీసుకున్న వేడికీ వదిలిన వేడికీ తేడా కూడా సరిగ్గా 482 J. కార్నో చెప్పినట్టు వేడి స్థితి ప్రమేయమై ఉంటే, చక్రం పూర్తయ్యేసరికి ఆ తేడా సున్నా కావాలి. ఏ ఇంజిన్ అయినా తిరిగేది ఆ తేడా మీదే.

దీన్ని తేల్చినవాళ్లలో జూల్ ముందు. 1845లో ఆయన బరువులు కిందికి దిగుతూ తిప్పే తెడ్డుతో నీళ్లను చిలికాడు, మన మిక్సీలాగే. తర్వాత పాదరసంతోనూ, ఇనుప పలకల రాపిడితోనూ చూశాడు. ఎలా చేసినా ఇంత పనికి ఇంత వేడిమి అన్న నిష్పత్తి దాదాపు ఒకటే వచ్చింది. ఇందులో తేలిగ్గా కంటపడని సంగతి ఒకటుంది. వేడి రాకపోకలు లేకుండా బంధించిన వ్యవస్థలో రెండు స్థితుల మధ్య కావాల్సిన పని దారిని బట్టి మారదు. అందుకే స్థితికి చెందిన రాశి ఒకటి ఉందని ధైర్యంగా చెప్పగలం. 1850లో క్లాసియస్ దానికి U అన్న అక్షరం పెట్టి, వేడి, పని దారిని బట్టి మారతాయని, U మారదని సూటిగా రాశాడు.

జవాబు పత్రాల్లో ఇప్పటికీ ΔQ అని కనిపిస్తుంది. Δ అంటే చివరి విలువలోంచి మొదటి విలువ తీసేయడం. వేడికి మొదటి విలువ, చివరి విలువ అంటూ ఉంటేగా తీసేయడానికి! ΔU రాయండి, పక్కన ఉత్త q, w రాయండి. ఒక్క జాగ్రత్త: కెమిస్ట్రీ పుస్తకంలో w అంటే వాయువు మీద జరిగిన పని, ఫిజిక్స్‌లో వాయువు చేసిన పని. 1729 ముందు గుర్తు అందుకే ఒక క్లాసులో మైనస్, ఇంకో క్లాసులో ప్లస్.