ఈల్డ్ పెరిగితే బాండ్ ధర ఎందుకు పడుతుంది? ఐదేళ్ల బాండ్‌తో ఒక లెక్క

బాండ్ వాల్యుయేషన్ అధ్యాయంలో పేజీలు ఎన్నున్నా, అసలు సూత్రం ఒక్కటే. బాండ్ మనకు ఇవ్వబోయే డబ్బంతటినీ నేటి విలువలోకి మార్చి కూడితే వచ్చేదే దాని ధర.

ఆ డబ్బు రెండు రకాలుగా వస్తుంది. మధ్యమధ్యలో వచ్చే వడ్డీ కూపన్. గడువు తీరాక ఒకేసారి చేతికొచ్చేది ముఖ విలువ. అందుకే సూత్రంలోనూ రెండు ముక్కలుంటాయి:

```
P = C × [1 − (1 + y)^−n] / y  +  F / (1 + y)^n
```

C ఒక్కో విడతలో వచ్చే కూపన్, F ముఖ విలువ, n మిగిలిన విడతల సంఖ్య, y ఒక్కో విడతకు మదుపరి కోరే రాబడి, అంటే ఈల్డ్. "ఒక్కో విడతకు" అన్న మాట దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. మన కేంద్ర ప్రభుత్వ బాండ్లు సాధారణంగా ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి. కాబట్టి కూపన్‌నీ ఈల్డ్‌నీ సగం చేయాలి, ఏళ్లను రెట్టింపు చేయాలి.

ఐదేళ్ల గడువు, 7 శాతం కూపన్, 100 రూపాయల ముఖ విలువ ఉన్న బాండ్ తీసుకుందాం. అలాంటి బాండ్లకు మార్కెట్ ఇప్పుడు 8 శాతం ఈల్డ్ అడుగుతోంది. అప్పుడు C = 3.50, y = 0.04, n = 10.

ముందు (1.04)^10 కడితే 1.4802 వస్తుంది. 1ని దానితో భాగిస్తే 0.6756. అంటే ఐదేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలకు నేటి విలువ 67 రూపాయల 56 పైసలే. ఇక పది కూపన్ల సంగతి: (1 − 0.6756) ÷ 0.04 సుమారు 8.11, దాన్ని 3.50తో గుణిస్తే 28.39. రెండూ కలిపితే, పైసల సర్దుబాటు పోగా, ధర 95.94.

ఎక్సెల్‌లో `=PV(4%,10,-3.5,-100)` అని కొట్టినా ఇదే వస్తుంది. ఈల్డ్‌ను సగం చేయడం మరిచి 8% వేసి, n మాత్రం 10గానే ఉంచితే జవాబు 69.80 అవుతుంది. కూపన్‌కీ ఈల్డ్‌కీ ఒక్క శాతమే తేడా ఉన్న ఐదేళ్ల బాండ్ ముప్పై రూపాయలు పడిపోదు కదా, తప్పు అక్కడే తెలిసిపోతుంది. మొత్తం లెక్కను ఏడాదికోసారి వడ్డీ వచ్చినట్టు వేస్తే 96.01 వస్తుంది. ఇది పట్టుకోవడం కష్టం. పది లక్షల ముఖ విలువ మీద ఆ తేడా ఆరువందల రూపాయల పైనే.

ధర 100 కన్నా తగ్గడానికి కారణం చూడండి. ఈ బాండ్ కూపన్ 7 శాతం దగ్గరే ఆగిపోయింది, బయట మాత్రం 8 శాతం దొరుకుతోంది. కూపన్‌ను ఎవరూ మార్చలేరు గనుక ఆ లోటు సర్దాల్సింది ధరే. కొన్నవాడికి కూపన్ల మీద పోయిన రాబడి, 95.94 పెట్టి చివర్లో 100 అందుకోవడంలో తిరిగొస్తుంది. ఈల్డ్ కూడా 7 అయితే ధర సరిగ్గా 100. ఈల్డ్ 6కి దిగితే 104.27.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఈల్డ్ ఒక శాతం పెరిగితే ధర 4.06 పడింది, అదే ఒక శాతం తగ్గితే 4.27 పెరిగింది. ధర, ఈల్డ్‌ల మధ్య సంబంధం సరళరేఖ కాదు, లోపలికి వంగిన వక్రరేఖ. గడువు పెరిగేకొద్దీ ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇదే కూపన్‌తో ముప్పై ఏళ్ల బాండ్ అయితే, 8 శాతం దగ్గర 88.69, 6 శాతం దగ్గర 113.84. ఎంతో దూరాన ఉన్న డబ్బును ఎక్కువసార్లు డిస్కౌంట్ చేస్తాం కాబట్టి, రేటులో చిన్న మార్పు కూడా అక్కడ పెద్దదవుతుంది.

ధర తెలిసి ఈల్డ్ కావాలంటే సూత్రాన్ని తిప్పి రాయడం కుదరదు, ఊహించి సరిచూసుకోవాలి. మన ఐదేళ్ల బాండ్ 97కి దొరుకుతోందనుకుందాం. 7 శాతం దగ్గర 100, 8 దగ్గర 95.94 కాబట్టి దామాషా ప్రకారం 3 ÷ 4.06 = 0.74, అంటే 7.74 శాతం. అసలు జవాబు దానికి కాస్త కిందే, 7.73కీ 7.74కీ మధ్య ఉంటుంది. వక్రరేఖ మీది విలువను మనం సరళరేఖ మీద వెతికాం మరి.

ఈ లెక్కలన్నీ కూపన్ అందిన మరుక్షణానివి. కూపన్ వచ్చిన రెండు నెలలకు కొంటే, అప్పటిదాకా పోగైన వడ్డీని అమ్మినవాడికి విడిగా ఇవ్వాలి. ప్రభుత్వ బాండ్లలో నెలకు 30, ఏడాదికి 360 రోజుల చొప్పున కడతారు కాబట్టి 7 × 60 ÷ 360 = 1.17. తెర మీద 95.94 కనిపించినా ఖాతాలోంచి పోయేది 97.11. ఈల్డ్‌ను లెక్కించేటప్పుడు ఈ మొత్తాన్నే తీసుకోవాలి.