టిఫా రిపోర్టు బాగానే ఉంది, మరి ఏడుపెందుకు?

"మా కోడలికి ఆరో నెల. రాత్రి నిద్రపోదు, సరిగా తినదు, ఊరికే నీరసం అంటుంది. కడుపుతో ఉన్నవాళ్లకి ఇవన్నీ మామూలే కదండీ?" అని కూకట్‌పల్లి నుంచి ఒక అత్తగారు అడిగారు.

చిక్కంతా ఆవిడ ప్రశ్నలోనే ఉంది. నిద్ర చెడటం, ఆకలి తప్పడం, నీరసం... డాక్టర్లు డిప్రెషన్ ఉందా అని చూసేటప్పుడు వెతికే లక్షణాలివి. గర్భం కూడా ఇవే తెచ్చిపెడుతుంది. అందుకే గర్భిణికి డిప్రెషన్ వచ్చినా వేవిళ్ల ఖాతాలోనో, దిష్టి ఖాతాలోనో పడిపోతుంది. దిష్టి తీయండి, తప్పులేదు. కాకపోతే తీసి ఊరుకోకండి.

ఈ చిక్కు విప్పడానికి 1987లో బ్రిటన్‌లో జాన్ కాక్స్, ఆయన సహచరులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. పేరు ఎడిన్‌బరో స్కేల్. మొదట బాలింతల కోసం చేసినా, ఇప్పుడు గర్భిణులకూ వాడుతున్నారు. గడిచిన 7 రోజుల గురించి 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. అందులో నీరసం, ఆకలి ఊసే లేదు. శరీరం చెప్పే సాక్ష్యాన్ని కావాలనే పక్కన పెట్టారు. నిద్ర గురించి ఒక్క ప్రశ్న ఉంది కానీ, "నిద్ర పడుతోందా?" అని అడగరు. నిద్ర పట్టనంత బాధగా ఉందా అని అడుగుతారు. నాకు మహా నచ్చిన తెలివి ఇదే!

ఎందుకంటే గర్భిణి నిద్ర చెడటంలోనే రెండు రకాలున్నాయి. ఒకామె రాత్రి మూడుసార్లు బాత్రూముకి లేస్తుంది, కాళ్లు పీకుతాయి, విసుక్కుంటుంది, మళ్లీ పడుకుంటే నిద్ర పట్టేస్తుంది. ఇంకొకామెకి మూడింటికి మెలకువ వస్తుంది. బాత్రూము అవసరం ఉండదు. తెల్లారేదాకా ఫ్యాను వంక చూస్తూ, "నేను తల్లిని అవడానికి పనికిరాను" అనుకుంటూ ఉంటుంది. ఇలాంటివాళ్లలో కొందరికి పొద్దున్నే గుండె బరువుగా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది.

టెన్షన్ సంగతి వేరు. దాని వెనక ఫలానా విషయం ఒకటి ఉంటుంది, అది తేలిపోతే టెన్షనూ పోతుంది. కడుపులో బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయా అని చూసే టిఫా స్కాన్‌కి ముందు రోజు ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. రిపోర్టు బాగుందంటే ఆ రాత్రి బిర్యానీ రుచిస్తుంది. మా బంధువుల అమ్మాయికి రిపోర్టు చూపించి "అంతా బాగుంది" అంటే, "అవునా" అని మొహం తిప్పుకుంది. బిడ్డ కదిలినా ఏమీ అనిపించడం లేదంది. ఇలా దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో రోజులో చాలాసేపు, దాదాపు ప్రతిరోజూ, 2 వారాలు దాటి ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఆ అమ్మాయికి స్కేల్‌లో 16 వచ్చింది. మామూలుగా 13, ఆపైన వస్తే డిప్రెషన్ ఉండొచ్చని అనుమానిస్తారు. అంతమాత్రాన జబ్బు తేలినట్టు కాదు, సైకియాట్రిస్టు కూర్చోబెట్టి మాట్లాడాలి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ఆ పరీక్షలూ చేయించారు. ఇక పదో ప్రశ్న, తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. దానికి 1 వచ్చినా మొత్తం ఎంతని లెక్కపెట్టకూడదు. మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ అమ్మాయికి అక్కడ 0.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకి పంపాలి" అనేది తిట్టు. ఆ మాటకి జడిసి ఎంతమంది ఇంట్లోనే ఉండిపోయారో. అక్కడి మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది, చూపించుకుని అదే రోజు ఇంటికి రావచ్చు. ఎర్రగడ్డ పేరే వద్దనుకుంటే గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లలోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. గాంధీలో ప్రసూతి విభాగం కూడా ఉంది. పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రిలో చూపించుకునేవాళ్లు అక్కడి డాక్టర్‌నే ఉస్మానియాకి చీటీ రాసిమ్మని అడగొచ్చు. కదలలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం. ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు.

డిప్రెషన్ తేలికగా ఉంటే వారం వారం కౌన్సెలింగ్‌తోనే చూస్తారు. ముదిరితే మందు కలుపుతారు, గర్భిణులకి ఎక్కువగా రాసేవాటిలో సెర్ట్రాలిన్ ఒకటి. ఏ మందూ నూటికి నూరుపాళ్లు నిరపాయం కాదు, కానీ తిండీ నిద్రా లేకుండా తల్లి కుంగిపోవడమూ బిడ్డకి మంచిది కాదు. ఈ రెండూ తూచే డాక్టర్ నిర్ణయిస్తారు. ముందునుంచీ ఫిట్స్‌కో, బైపోలార్ జబ్బుకో వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లు మాత్రం వెంటనే చెప్పాలి. అది బిడ్డకి హాని చేయొచ్చు. అలాగని సొంతంగా ఆపకూడదు.

మందు గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. మా బంధువుల అమ్మాయికి మూడో వారం దాకా ఏ మార్పూ లేదు. ఆరో వారంలో మళ్లీ అవే పది ప్రశ్నలు వేస్తే 8 వచ్చింది. "ఇక మాత్రలు ఆపేద్దామా డాక్టర్?" అని వాళ్లత్తగారు అడిగారు. "ఆపొద్దమ్మా, కాన్పు అయ్యాక కూడా కొన్ని నెలలు చూద్దాం" అని డాక్టర్ తర్వాతి తేదీ రాసిచ్చారు.