ఎదురొచ్చే మనిషి మీద ఫోకస్ ఎందుకు జారుతుంది: అపోహలు - వాస్తవాలు

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే తీసే ప్రీ వెడ్డింగ్ వీడియోల్లో ఒక షాట్ తప్పకుండా ఉంటుంది: జంట కెమెరాకి ఎదురుగా నడిచి రావడం. ఫోకస్ ఎక్కువగా పోయేది కూడా అందులోనే. అడ్డంగా నడిచే మనిషికీ కెమెరాకీ మధ్య దూరం పెద్దగా మారదు. ఎదురొచ్చే మనిషికి ప్రతి అడుగుకీ మారుతుంది.

అపోహ: ట్రాకింగ్ ఆన్ చేస్తే మిగతాది కెమెరా చూసుకుంటుంది.

ముందు ఫోకస్ మోడ్ AF-Cలో, అంటే ఆగకుండా ఫోకస్ సరిచేసుకుంటూ ఉండే మోడ్‌లో, ఉండాలి. AF-S ఒకసారి పట్టుకుని ఆగిపోతుంది. ఆ తర్వాత చూడాల్సినవి రెండు సెట్టింగులు. సోనీ కెమెరాల్లో వీడియోకి AF Subj. Shift Sens. అని 1 నుంచి 5 దాకా ఉంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఫోకస్ ఎంత త్వరగా వాళ్ల మీదికి దూకాలో అది చెబుతుంది. బీచ్‌లో జనం అటూ ఇటూ దాటుతూనే ఉంటారు కాబట్టి 1 గానీ 2 గానీ పెట్టండి. అయితే మొదట్లోనే ఫోకస్ బాక్స్ వేరే మనిషి మీద పడితే, ఇదే సెట్టింగ్ వల్ల అక్కడే అతుక్కుపోతుంది. రికార్డ్ నొక్కే ముందే ముఖాన్ని టచ్ చేసి ఖాయం చేసుకోవాలి.

రెండోది AF Transition Speed, 1 నుంచి 7 దాకా. ఫోకస్ మెల్లగా మారితే అందంగా ఉంటుందని చాలామంది దీన్ని 1 లేదా 2లో వదిలేస్తారు. ఎదురు నడకకి అది సరిపడదు. మనిషి ముందుకొచ్చేస్తాడు, ఫోకస్ వెనకే ఉండిపోతుంది. పట్టుకోవడం తేలికే: క్లిప్ ఆపి చూస్తే ముఖం మెత్తగా, అతని వెనక ఇసుక మీద అడుగుల గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు 5 లేదా అంతకన్నా ఎక్కువ పెట్టి మళ్లీ తీయండి.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. సూర్యుడు సముద్రం మీంచే వస్తాడు. పొద్దున రోడ్డు వైపు నిలబడి సముద్రం వైపు కెమెరా తిప్పితే ముఖం నల్లబడి, వెనక అలల అంచు మెరుస్తుంది. కళ్లు కనబడనప్పుడు ఐ డిటెక్షన్ వదిలేస్తుంది, ఫోకస్ అలల మీదికి పోతుంది. తీరం వెంబడి తీస్తే వెలుగు ముఖానికి పక్కనుంచి పడుతుంది, ట్రాకింగ్ నిలబడుతుంది.

అపోహ: ఫోన్‌లో బ్లర్ వస్తే ఫోకస్ తప్పినట్టే.

ఫోన్ సెన్సర్ చిన్నది, రెండు మూడు మీటర్ల దూరంలో చాలా మేర షార్ప్‌గానే ఉంటుంది. సాయంత్రం వెలుగు తగ్గాక వచ్చే బ్లర్ ఎక్కువగా షట్టర్ నెమ్మదించడం వల్లే. చేయి, కాలు ఒకే దిశలో సాగినట్టు ఉంటే అది కదలిక. ఫ్రేమ్‌లో ఇంకెక్కడో స్పష్టంగా ఉంటే అది ఫోకస్.

అపోహ: మాన్యువల్‌గా ఫోకస్ లాగేటప్పుడు లెన్స్ రింగ్‌ని నడకతో సమానంగా తిప్పాలి.

చాలా ఫోకస్ పుల్స్ చెడిపోయేది ఇక్కడే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. లెన్స్, f/1.8 అనుకుందాం. మనిషి 5 మీటర్ల నుంచి 2 మీటర్లకి వస్తాడు. 5 మీటర్ల దగ్గర సుమారు ఒక మీటరు మేర షార్ప్‌గా ఉంటుంది. 2 మీటర్ల దగ్గర అది 17 సెంటీమీటర్లే. పైగా లెన్స్ జరగాల్సిన కొలత దూరాన్ని బట్టి కాదు, దూరపు విలోమాన్ని బట్టి ఉంటుంది. 1/5 అంటే 0.2, 1/2 అంటే 0.5, మొత్తం తేడా 0.3. సగం నడక అయ్యేసరికి, అంటే 3.5 మీటర్ల దగ్గర, 0.286 దగ్గరే ఉంటాం. మొత్తం తిప్పుడులో మూడో వంతు కూడా కాలేదు. మిగతా 70 శాతం చివరి మీటరున్నరలోనే తిప్పాలి. అందుకే మొదట్లో మెల్లగా, చివర్లో వేగంగా.

టేపుతో సెన్సర్ నుంచి కొలిచి 5, 3.5, 2 మీటర్ల దగ్గర ఇసుకలో గీతలు గీయండి. ఆ గీతల మీద మనిషిని నిలబెట్టి, స్క్రీన్ మీద బొమ్మని పెద్దది చేసి కంటి మీద ఫోకస్ పెట్టి, రింగ్ మీద అంటించిన టేపుపై గుర్తు వేయండి. రిహార్సల్‌లో కాలు గీత మీద పడేసరికి రింగ్ గుర్తుకి చేరాలి. కెమెరా స్టాండ్ కదిలితే గుర్తులన్నీ మళ్లీ వేయాల్సిందే. 17 సెంటీమీటర్లలో నిలబెట్టడం కుదరకపోతే f/4కి దించండి, 38 సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది.

ఒక్క హెచ్చరిక. చాలా మిర్రర్‌లెస్ లెన్సుల్లో రింగ్ మోటారుకి సంకేతం మాత్రమే పంపుతుంది. వేగంగా తిప్పితే ఎక్కువ, నెమ్మదిగా తిప్పితే తక్కువ జరుగుతుంది, కాబట్టి గుర్తులు పనిచేయవు. మెనూలో ఫోకస్ రింగ్‌ని లీనియర్ చేసే అవకాశం ఉంటే అది పెట్టుకోండి. లేకపోతే ఎదురు నడకని AF-Cకే వదిలి, నిలబడి ఉన్న ఇద్దరి మధ్య ఫోకస్ మార్చడానికి మాత్రం Transition Speed తగ్గించి టచ్ ఫోకస్ వాడండి.