కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట వస్తే పునాది కుంగినట్టేనా?

అపోహ: ఏటవాలు బీట అయితే సెటిల్‌మెంట్, అంటే పునాది కుంగడం. నిలువుగానో అడ్డంగానో ఉంటే శ్రింకేజ్, అంటే ఆరి ముడుచుకోవడం.

సగమే నిజం. కిటికీ మూల దగ్గర గోడ బలహీనంగా ఉంటుంది, అందుకే ప్లాస్టర్ గానీ గోడ గానీ ఆరి ముడుచుకున్నా అక్కడినుంచే ఏటవాలుగా చీలుతుంది, పునాది కుంగినా అక్కడినుంచే చీలుతుంది. కాబట్టి దిక్కు ఒక్కటే చూసి చెప్పేయకూడదు, ముందు వెడల్పు చూడాలి. శ్రింకేజ్ బీట సాధారణంగా వెంట్రుక మందంలో మొదలై చివరిదాకా దాదాపు అంతే సన్నగా పోయి, జానెడో మూరెడో వెళ్ళి ఆగిపోతుంది. సెటిల్‌మెంట్ బీట ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే గోడలో ఒక ముక్క ఒరిగింది కదా. గోడ రెండు వైపులా కనిపిస్తుంది, ఇటుకల జాయింట్ల వెంట మెట్లు మెట్లుగా పోతుంది, ఒక్కోసారి ఇటుకనే చీల్చేస్తుంది. వేలితో అడ్డంగా రాస్తే ఒక అంచు ఇంకో అంచుకన్నా ముందుకు పొడుచుకొచ్చి తగులుతుందేమో కూడా చూడండి, తగిలితే అది ఉత్త పూత ముడుచుకోవడం కాదు.

ఒకే ఇంట్లో నేను రెండూ చూశాను. పై అంతస్తులో ఏడాది కిందట కట్టిన గదిలో కిటికీ మూల నుంచి సన్న బీట, దాంతోపాటు బీమ్ కింద గోడ పొడవునా ఒక అడ్డ గీత. ఇంటాయన భయమంతా వాటి గురించే. కింద గదిలో కిటికీ పై కుడి మూల నుంచి కుడివైపు పైకి పోయిన బీటకి మాత్రం రెండుసార్లు పుట్టీ పెట్టించి, పెయింట్ వేసేసి మర్చిపోయాడు! అది కిటికీ దగ్గర 1 మిల్లీమీటరు, స్లాబ్ దగ్గరికి పోయేసరికి 4 మిల్లీమీటర్లు ఉంది, బయట కూడా అదే గీత, పైగా ఆ గది తలుపు పట్టేస్తోంది. నీళ్ళ ట్యూబ్ లెవెల్ పెట్టి చూస్తే ఫ్లోర్ కుడి మూల వైపు 12 మిల్లీమీటర్లు దిగింది. ఇక్కడ ఒక చిట్కా, బీటకి అడ్డంగా 90 డిగ్రీల్లో గీత ఊహించుకుని కిందికి పొడిగిస్తే అది చాలావరకు కుంగిన చోటు వైపే చూపిస్తుంది. అటు వెళ్ళి మట్టి తీయిస్తే వాడిన నీళ్ళ పైపు జాయింట్ ఊడి ఉంది, నీళ్ళన్నీ పునాది పక్కనే ఇంకుతున్నాయి.

అపోహ: సిమెంటుతో గట్టిగా నింపేస్తే ఇక కదలదు.

గోడని లాగేది కింద ఉన్న మట్టి, దాన్ని బీటలో పెట్టిన సిమెంటు ఆపలేదు. నల్లరేగడి లాంటి మట్టి మీదైతే ఇంకా తిప్పలు, ఎండాకాలం తెరుచుకున్న బీటని గట్టి సిమెంటుతో నింపితే, వానలకి మట్టి ఉబ్బినప్పుడు అది మూసుకోలేక పక్కనే కొత్త బీట వస్తుంది. అందుకే ముందు కారణం ఆపాలి, తర్వాత కదలిక ఆగిందో లేదో కొలవాలి, ఆ తర్వాతే రిపేరు.

ఆ ఇంట్లో పైపు మార్చి, బీటకి అటొకటి ఇటొకటి స్క్రూలు బిగించి నెలకోసారి కాలిపర్‌తో దూరం కొలిచాం. మొదటి రెండు నెలల్లో కలిపి 0.3 మిల్లీమీటర్లు పెరిగింది, తర్వాత ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినా మారలేదు. అప్పుడు మొదలుపెట్టాం. బీట పొడవునా నాలుగైదు వరసలకొకటి చొప్పున ఇటుక జాయింట్లని 30 మిల్లీమీటర్ల లోతు గీకి, కడిగి, 6 మిల్లీమీటర్ల మెలితిరిగిన స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీని బీటకి రెండు వైపులా అర మీటరు పోయేలా గ్రౌట్‌లో కూర్చాం. గది మూల దగ్గరపడ్డ చోట కడ్డీని వంచి పక్క గోడలోకి తిప్పాం, లేకపోతే ఆ వైపు పట్టు చాలదు. చీలిన ఇటుకలు మార్చి, చివర్లో ప్లాస్టర్. కొలతలు ఆగకుండా పెరుగుతూ పోయుంటే మాత్రం ఇలా కడ్డీలతో కుట్టేస్తే అయ్యే పని కాదు, మట్టి పరీక్ష చేయించి పునాది కిందినుంచి బలపరచడం గురించి స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో మాట్లాడాల్సిందే.

అపోహ: శ్రింకేజ్ బీటకి పుట్టీ చాలు.

ప్లాస్టర్ మీద సాలెగూడులా వచ్చిన గీతలకైతే చాలు, వేలి కణుపుతో తట్టినప్పుడు డొల్ల శబ్దం రాకపోతే. వస్తే అంతమేరా ప్లాస్టర్ తీసేయాలి. బీమ్ కింద గీతకి పుట్టీ నిలవదు, ఎందుకంటే కాంక్రీటు, ఇటుక వేరు వేరుగా కదులుతాయి. పై గదిలో అక్కడ ప్లాస్టర్ పట్టీలా తీసేసి, జాయింట్‌కి అటూ ఇటూ 150 మిల్లీమీటర్లు వచ్చేలా మెష్ కొట్టి మళ్ళీ ప్లాస్టర్ చేసి వారం రోజులు తడిపాం. సిమెంటు ఎక్కువైతే గట్టిగా ఉంటుందని మేస్త్రీ సిమెంటు, ఇసుక 1:3లో కలపబోయాడు, నేను వద్దన్నాను, సిమెంటు ఎక్కువైన కొద్దీ ముడుచుకోవడమూ ఎక్కువే, గోడలకి 1:5 సరిపోతుంది. కిటికీ మూల సన్న బీటని V ఆకారంలో కొంచెం తెరిచి, దుమ్ము దులిపి అక్రిలిక్ ఫిల్లర్ పెట్టి వదిలేశాం.